ఏటీఎం ఇచ్చిన దొంగనోటు: అది ఎక్కడి నుంచి వచ్చిందో ముందు రుజువు చేసుకోండి

"లాయర్ గారికి నమస్కారం. శనివారం రాత్రి మా బ్యాంకు ఏటీఎంలోనే పది వేలు తీశాను. అన్నీ ఐదు వందల నోట్లే వచ్చాయి. ఆదివారం ఉదయం కిరాణా కొట్టులో ఒక నోటు ఇస్తే, 'ఇది దొంగనోటు' అని తిరిగి ఇచ్చేశాడు. సోమవారం బ్యాంకుకు వెళ్ళి చూపించాను. మేనేజరు గారు నోటును వెలుతురులో పట్టి చూసి, 'ఏటీఎం గది దాటాక మా బాధ్యత లేదు, ఇక్కడ ఇస్తే ముద్ర వేసి ఉంచుకుంటాం, డబ్బులు రావు' అని నోటు నా చేతికే ఇచ్చేశారు. రసీదు తీసుకోలేదు, ఫోనుకు వచ్చిన మెసేజ్ ఒక్కటే ఉంది. కూరగాయల మార్కెట్లో ఇచ్చేయమని పక్కింటావిడ అంటోంది. నేనేం చేయాలి? పోలీసులు నన్నే పట్టుకుంటారా?"
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

అమ్మా, ఆ నోటును మార్కెట్లో ఇవ్వకండి. పక్కింటావిడ మీ మేలు కోరే చెప్పి ఉంటారు. కానీ ఈ వ్యవహారంలో మీరు నేరస్థురాలు అయ్యే దారి అదే. దొంగనోటు చేతికి వచ్చిన ప్రతి ఒక్కరినీ చట్టం నేరస్థులుగా చూడదు. దొంగనోటు అని తెలిసి, మంచి నోటుగా మరొకరికి అంటగట్టేవారిని చూస్తుంది. భారతీయ న్యాయ సంహిత 179వ సెక్షన్ దీని గురించే. దానికి యావజ్జీవం వరకు, లేదా పదేళ్ళ వరకు జైలు శిక్ష, జరిమానా ఉన్నాయి. ఆదివారం ఉదయం కొట్టులో నోటు ఇచ్చినప్పుడు మీకు ఏమీ తెలియదు, కాబట్టి అది నేరం కాదు. కొట్టతను నోటు తిరిగి ఇచ్చిన క్షణం నుంచి మీకు తెలుసు. రేపు అదే నోటు కూరగాయలమ్మ చేతిలో పెడితే తెలిసి పెట్టినట్లే. పైగా రోజంతా ఎండలో కూర్చుని ఆమె సంపాదించేది ఆ ఐదు వందలంత ఉంటుందో ఉండదో.

మరి నోటును ఇంట్లో ఉంచుకుంటే? అది 180వ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. దొంగనోటు అని తెలిసీ, మంచి నోటుగా చెల్లించే ఉద్దేశంతో దగ్గర ఉంచుకుంటే ఏడేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. తెలియడం, చెల్లించే ఉద్దేశం ఉండడం, ఈ రెండూ కలిస్తేనే నేరం. 2001లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. ఒక విద్యార్థి వంద రూపాయల నకిలీ నోటు ఇచ్చాడని కింది కోర్టులు శిక్ష వేశాయి. అది నకిలీదని అతనికి తెలుసునని నిరూపించే సాక్ష్యం లేదంటూ సుప్రీంకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సంహిత మరో అడుగు ముందుకు వేసింది. నకిలీ నోటు న్యాయమైన మార్గంలోనే తన దగ్గరికి వచ్చిందని రుజువు చేసుకున్న వ్యక్తికి 180వ సెక్షన్ వర్తించదని అందులోనే ఒక వివరణ చేర్చారు. పాత శిక్షాస్మృతిలో ఈ మాట ఇంత స్పష్టంగా లేదు.

ఈ వివరణే మీకు ఆధారం. అయితే 'రుజువు చేసుకున్న' అన్న మాట గమనించండి. ఏటీఎంలో వచ్చిందని చెప్పడం ఒకటి, చూపించడం మరొకటి. పోలీసుల భయం పోవాలన్నా, ఐదు వందలు తిరిగి రావాలన్నా కావలసింది ఒకే రుజువు. అందుకే డబ్బు సంగతి కాసేపు పక్కన పెట్టి రుజువు సంగతి చూద్దాం.

మీ దగ్గరున్న మెసేజ్‌ను చెరపకండి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పాస్‌బుక్‌లో గానీ ఖాతా స్టేట్‌మెంట్‌లో గానీ ఆ పది వేల పద్దు అచ్చు వేయించుకోండి. అందులో లావాదేవీ సంఖ్య, తేదీ ఉంటాయి. ఆ యంత్రం నుంచి, ఆ వేళ, ఆ మొత్తం తీసింది మీరేనని వీటితో తేలుతుంది. ఆ ఇరవై నోట్లలో ఈ నోటు ఉందని మాత్రం తేలదు. మేనేజరు గారి ధైర్యమంతా ఆ చిన్న ఖాళీ మీదే ఉంది. ఆ ఖాళీని ఎంత పూడ్చగలిగితే మీ కేసు అంత బలపడుతుంది.

పూడ్చే మార్గాలు మీ చేతుల్లోనే కొన్ని ఉన్నాయి. శనివారం రాత్రి నుంచి ఆదివారం ఉదయం వరకు ఇంట్లో వేరే ఐదు వందల నోట్లు ఉన్నాయా? లేకపోతే ఆ మాట ఫిర్యాదులో రాయండి. ఉంటే ఎక్కడ ఉంచారో, వీటితో కలిశాయో లేదో నిజం రాయండి. ఏటీఎం నోట్లలో ఖర్చు కాకుండా మిగిలినవి ఎన్ని ఉన్నా, వాటి సంఖ్యలన్నీ అక్షరాలతో సహా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒకే అచ్చు నుంచి తీసిన దొంగనోట్లకు ఒకే సంఖ్య పడుతుంటుంది. మిగిలిన వాటిలో అదే సంఖ్యతో ఇంకొకటి కనిపిస్తే రెండూ కలిసే వచ్చాయని చెప్పడానికి అంతకు మించిన ఆనవాలు దొరకదు. తరువాత కిరాణా కొట్టతని దగ్గరికి వెళ్ళి, 'ఫలానా ఆదివారం ఉదయం ఈ సంఖ్య గల నోటు నకిలీదని తిరిగి ఇచ్చాను' అని రెండు వాక్యాలు రాయించి సంతకం తీసుకోండి. అతను ఇష్టపడకపోతే బలవంతం చేయకండి, కొట్టు పేరు, సమయం మీరు రాసుకుంటే చాలు.

అసలు అది దొంగనోటేనా అన్నది కూడా మీరు ఒకసారి చూసుకోవాలి. కొట్టతని మాటే తీర్పు కాదు. ఉతికిన బట్టల్లో తడిసి రంగు వెలిసిన మంచి నోటును చూసి దొంగనోటు అన్నవాళ్ళు ఉన్నారు. ఏటీఎంలో వచ్చిన మంచి నోటు ఒకటి పక్కన పెట్టుకుని, రెండింటినీ దీపం కింద మెల్లగా వంచి చూడండి. మంచి నోటులో మధ్యనున్న భద్రతా దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది. కుడివైపు కింద రూపాయి గుర్తుతో ఉన్న 500 అంకె కూడా అలాగే రంగు మారుతుంది. నోటు సంఖ్యలోని అంకెలు ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ పెద్దవవుతాయి. దొంగనోటులో దారం స్థానంలో మెరిసే గీత ఒకటి అచ్చు వేసి ఉంటుంది, వంచినా రంగు మారదు. రిజర్వు బ్యాంకు 'మణి' యాప్‌తో సరిచూసుకోవచ్చని కొందరు చెబుతారు, అది పొరపాటు. చూపు లేనివారు నోటు విలువ తెలుసుకోవడానికి చేసిన యాప్ అది. అసలుదో నకిలీదో అది చెప్పదు. చివరి మాట బ్యాంకు యంత్రానిదే.

ఇక బ్యాంకు సంగతి. మేనేజరు గారు సోమవారం చేసిన పనిలో ఒక పెద్ద తప్పు ఉంది. కౌంటరుకు వచ్చిన నోటు నకిలీదని తేలితే దాన్ని తెచ్చినవారికి ఏ పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వకూడదని, చించివేయకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశాల్లో ఉంది. దాని మీద నకిలీ నోటు అనే ముద్ర వేసి, రిజిస్టరులో రాసి, స్వాధీనం చేసుకోవాలి. అలా చేయని బ్యాంకు నకిలీ నోట్ల చలామణీలో తెలిసే పాలుపంచుకున్నట్లు భావిస్తామని కూడా రిజర్వు బ్యాంకు రాసింది. మీకు ఇబ్బంది ఎందుకని ఆయన నోటు తిరిగి ఇచ్చి ఉండవచ్చు. కానీ ఆ దయ వల్ల ఒక దొంగనోటు, దానితో పాటు దాని బరువు, మీ చేతిలోనే మిగిలిపోయాయి.

కాబట్టి మీరు మళ్ళీ బ్యాంకుకు వెళ్ళాలి, ఈసారి సిద్ధమై వెళ్ళాలి. ఇంట్లోనే నోటుకు రెండు వైపులా, సంఖ్య స్పష్టంగా కనిపించేలా, ఫొటోలు తీయండి. ఏటీఎం ఏ బ్యాంకుదో ఆ బ్యాంకు శాఖకే వెళ్ళండి. మీ విషయంలో మీ బ్యాంకే కాబట్టి చిక్కు లేదు. కార్డు ఒక బ్యాంకుది, ఏటీఎం మరొకదానిది అయినవారు ఏటీఎం బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చి, ప్రతిని కార్డు బ్యాంకుకు పంపాలి. కౌంటరులో నోటును వేరే డబ్బుతో కలపకుండా విడిగా ఇచ్చి, నకిలీదైతే స్వాధీనం చేసుకుని రసీదు ఇవ్వమని అడగండి. రిజర్వు బ్యాంకు ఇచ్చిన నమూనాలో ఆ రసీదు ఉంటుంది. దానిలో నోటు విలువ, సంఖ్య రాసి, క్యాషియరు, నోటు తెచ్చినవారు సంతకాలు చేయాలి. తెచ్చినవారు సంతకానికి నిరాకరించినా రసీదు ఇవ్వవలసిందే. ఈ సంగతి తెలిపే నోటీసు శాఖలో ప్రజలకు కనిపించేలా పెట్టాలి కూడా. అది గోడ మీద కనిపిస్తే వేలితో చూపించి అడగండి.

ఆ రసీదు వచ్చిందంటే మీ దగ్గర దొంగనోటు ఉందనే మాటే ఇక లేదు. మిమ్మల్ని ఎవరు అడిగినా, 'తెలిసిన వెంటనే బ్యాంకుకు అప్పగించాను, ఇదిగో' అని చూపించవచ్చు. చెల్లించే ఉద్దేశం లేదనడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. పోలీసుల విషయం కూడా ఇక్కడే తేలుతుంది. ఒకే దఫాలో వచ్చిన నకిలీ నోట్లు నాలుగు లేదా అంతకన్నా తక్కువైతే, బ్యాంకు వాటిని నెలాఖరున అన్నింటితో కలిపి ఒక నివేదికగా పోలీసులకు పంపుతుంది. ఐదు లేదా అంతకన్నా ఎక్కువైతే వెంటనే పోలీసులకు పంపి ఎఫ్ఐఆర్ నమోదు చేయించాలి. మీది ఒక్క నోటు. ఎవరూ ఇంటికి వచ్చి పట్టుకుపోరు. ఐదు నోట్లు వచ్చినవారైనా పారిపోవలసిన పని లేదు. మెసేజ్, స్టేట్‌మెంట్, ఫిర్యాదు ప్రతి చేతిలో ఉంచుకుని ప్రశ్నలకు సమాధానం చెబితే సరిపోతుంది.

నోటుతో పాటు మీరు ఇవ్వవలసింది ఒక లేఖ. ఇది మాత్రం రేపే ఇవ్వాలి. ఏటీఎం గదిలోని కెమెరా దృశ్యాలు ఎల్లకాలం ఉండవు. కొంతకాలానికి పాతవాటి మీద కొత్తవి పడిపోతాయి. ఆరు నెలల తరువాత కోర్టు అడిగినా, 'చెరిగిపోయాయి' అన్న జవాబే వస్తుంది. మీరు రాతపూర్వకంగా భద్రపరచమన్న తరువాత చెరిగిపోతే మాత్రం దానికి బ్యాంకే సంజాయిషీ చెప్పుకోవాలి. లేఖ ఇలా ఉంటే చాలు:

"శాఖా మేనేజరు గారికి. నా ఖాతా నుంచి ఫలానా తేదీ శనివారం రాత్రి 8:42 గంటలకు మీ ఫలానా ఏటీఎంలో రూ. 10,000 తీశాను. లావాదేవీ సంఖ్య ఇది. ఐదు వందల నోట్లు ఇరవై వచ్చాయి. వాటిలో ఈ సంఖ్య గల నోటు నకిలీదని ఆదివారం ఉదయం తెలిసింది. ఇంట్లో ఆ సమయంలో వేరే ఐదు వందల నోట్లు లేవు. సోమవారం ఈ నోటును మీ శాఖలో చూపించగా నాకే తిరిగి ఇచ్చారు. ఈ రోజు నోటును మీకు అప్పగించి రసీదు తీసుకున్నాను. ఆ రాత్రి 8:30 నుంచి 9:00 వరకు ఏటీఎం కెమెరాల దృశ్యాలు, యంత్రంలో నమోదైన లావాదేవీ వివరాలు, ఆ యంత్రంలో చివరిగా డబ్బు నింపిన వివరాలు, ఆ నోట్లను యంత్రంతో సరిచూసిన వివరాలు, సోమవారం మీ శాఖ కౌంటరు కెమెరా దృశ్యాలు భద్రపరచవలసిందిగా కోరుతున్నాను. రూ. 500 నా ఖాతాలో జమ చేయగలరు."

సమయం మీ మెసేజ్‌లో ఉన్నదే రాయండి. ఇంట్లో వేరే నోట్లు ఉండి ఉంటే ఆ వాక్యం మార్చండి. ఒక్క అబద్ధం చేరినా మిగిలిన నిజాలన్నీ బలహీనపడతాయి. రెండు ప్రతులు తీసుకెళ్ళి, ఒకదాని మీద శాఖ ముద్ర, తేదీ, సంతకం వేయించుకుని తెచ్చుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి, బ్యాంకు ఈమెయిలుకు కూడా పంపండి. నోటునే తీసుకోబోమని అంటే మాత్రం అదే లేఖ ప్రతితో, నోటుతో మీ పరిధిలోని పోలీసు స్టేషన్‌కు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చి, నోటు అప్పగించినట్లు రసీదు అడగండి.

ఇక మీ ఐదు వందలు వస్తాయా? మిమ్మల్ని ఆశపెట్టి పంపడం నాకు ఇష్టం లేదు. కౌంటరులో ఇచ్చిన నకిలీ నోటుకు విలువ జమ చేయకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన, ఆ ఒక్క మాటలో మేనేజరు గారు సరిగ్గానే చెప్పారు. కానీ ఆయన చెప్పని మాట ఇంకొకటి ఉంది. ఏటీఎంలో నింపే నోట్లను ముందే యంత్రంతో సరిచూసి తీరాలి. ఏటీఎం నుంచి నకిలీ నోటు బయటికి వస్తే, ఆ బ్యాంకు నకిలీ నోట్లను చలామణీ చేయడానికి ప్రయత్నించినట్లే పరిగణిస్తామని రిజర్వు బ్యాంకు ఆదేశాల్లో ఉంది. అంటే 'గది దాటాక బాధ్యత లేదు' అనేది చట్టం కాదు, బ్యాంకుల అలవాటు మాట. మీరు అడుగుతున్నది నకిలీ నోటుకు విలువ కాదు. మీ ఖాతాలోంచి పది వేలు తగ్గించి తొమ్మిది వేల ఐదు వందలే ఇచ్చారు, మిగిలినది ఇవ్వమని అడుగుతున్నారు. ఈ తేడా మీ ప్రతి కాగితంలోనూ కనిపించాలి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. cms.rbi.org.in లో పెట్టవచ్చు, రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. ఎలా పెట్టాలో తెలియకపోతే 14448కు ఫోన్ చేసి అడగండి. అక్కడ మీరు జతచేయవలసినవి శాఖ ముద్ర పడిన లేఖ, నోటు స్వాధీన రసీదు, స్టేట్‌మెంట్, ఫొటోలు. బ్యాంకుకు ముందుగా రాయకుండా నేరుగా అక్కడికి వెళ్తే మాత్రం ఫిర్యాదును తోసిపుచ్చుతారు. నా వద్దకు వచ్చేవారిలో చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. నాలుగుసార్లు బ్యాంకుకు తిరిగి ఉంటారు, నోటితో గొడవపడి ఉంటారు, ఒక్క కాగితమూ ఇచ్చి ఉండరు.

వినియోగదారుల కమిషన్ రెండో దారి. సంఘటన జరిగిన రెండేళ్ళలోపు వెళ్ళవచ్చు, ఇంత చిన్న మొత్తానికి కోర్టు రుసుము ఉండదు. కెమెరా దృశ్యాలను, యంత్రం వివరాలను కమిషన్ ముందుకు తెప్పించమని అక్కడ దరఖాస్తు వేయవచ్చు. ఫోనులోని మెసేజ్, ఫొటోలు అక్కడ దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం జత చేస్తే తరువాత అభ్యంతరాలు రావు. అందుకే ఆ ఫోను అమ్మేయకండి, మెసేజ్ ఉన్న సిమ్ మార్చకండి. ఒక్క నోటుకు కమిషన్ దాకా వెళ్ళాలా అంటే, నా అభిప్రాయం ముందు అంబుడ్స్‌మన్ దగ్గర ప్రయత్నించమనే. రెండుచోట్లా ఒకేసారి పెట్టకండి, కమిషన్‌లో కేసు ఉంటే అంబుడ్స్‌మన్ చూడరు. ఒకటి కాక ఆరేడు నోట్లు అలా వచ్చి, బ్యాంకు నిర్లక్ష్యంగా మాట్లాడిన కేసైతే నేనే కమిషన్‌కు వెళ్ళమంటాను.

మీ ఇంట్లో మిగతావారికి కూడా ఒక మాట చెప్పండి. డబ్బు తీశాక ఏటీఎం గదిలోనే, బయటికి రాకముందే లెక్కపెట్టి, ఒక్కొక్క ఐదు వందల నోటును వంచి దారం చూడడానికి నిమిషం కూడా పట్టదు. అనుమానం వస్తే అక్కడే నిలబడి ఆ నోటును రెండువైపులా కెమెరాకు చూపించాలి. కెమెరా నోటు సంఖ్యను చదవలేకపోవచ్చు. కానీ యంత్రం నుంచి డబ్బు తీయడం, గది దాటకుండానే ఆ నోటును విడదీసి చూపడం ఒకే దృశ్యంలో ఉంటాయి, మీ కేసులో ఉన్న ఖాళీ అక్కడ ఉండదు. కాపలాదారు ఉంటే అతని రిజిస్టరులో రాయించి, గోడ మీద ఉన్న నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. రసీదు కావాలా అని యంత్రం అడిగినప్పుడు ఇకనుంచి కావాలనే నొక్కండి.

బ్యాంకు కౌంటరులో తీసుకునేటప్పుడు పద్ధతి కొంచెం వేరు. క్యాషియరు ఎదుటే, ఆ కెమెరా కిందే, యంత్రంలో మరోసారి వేసి చూపించమని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. పెద్ద మొత్తమైతే నోట్లు వంద చొప్పున కట్టలుగా, కాగితపు పట్టీతో వస్తాయి. పెళ్ళి ఖర్చులకో, స్థలం కొనడానికో తీసుకున్నవారు ఇంటికి వెళ్ళగానే పట్టీలు చించి పారేస్తారు. ఆ పట్టీ మీద శాఖ ముద్ర, లెక్కపెట్టినవారి పొడి సంతకం ఉంటాయి. ఏ కట్టలో దొంగనోటు వచ్చిందో చెప్పేది ఆ కాగితం ముక్కే. కట్ట విప్పవలసి వస్తే కౌంటరు దగ్గరే విప్పాలి. ఇంట్లో విప్పక తప్పకపోతే ఫోనులో వీడియో తీస్తూ విప్పి, ఆ కట్ట నోట్లు పూర్తిగా ఖర్చయ్యేవరకు పట్టీని ఒక కవరులో దాచండి.

మీరు రేపు శాఖకు వెళ్ళేటప్పుడు మీతో మరొకరిని తీసుకెళ్ళండి. నోటు కౌంటరు మీద పెట్టే ముందు సంఖ్యను ఇంకోసారి మీ కాగితంతో సరిచూసుకోండి. రసీదులో ఆ సంఖ్యే పడిందో లేదో అక్కడే చదివి, ఆ తరువాతే సంతకం చేయండి.